కనిపించే ప్రైమ్, కనిపించని ప్రైమ్: మనోనిఘంటువుకు ఏది మంచి సాక్ష్యం?

మనోనిఘంటువును, అంటే మనసులో మాటలు అమరి ఉన్న తీరును, తెలుసుకోవడానికి ఒంగోలులోని డిగ్రీ విద్యార్థులతో పద నిర్ణయ పరీక్ష చేయాలనుకుందాం. తెరపై కనిపించిన అక్షరాల వరుస తెలుగు మాటో కాదో మీట నొక్కి చెప్పాలి. దానికి ముందు మరో మాట, అంటే ప్రైమ్, వస్తుంది.

ప్రైమ్ స్పష్టంగా కనిపిస్తే, సంబంధం లేని మాట తర్వాత కంటే ‘రొయ్య’ తర్వాత ‘చెరువు’ను త్వరగా గుర్తించగలగాలి. 1971లో మేయర్, ష్వానెవెల్ట్ అనే పరిశోధకులు ఇంగ్లీషులో చూపిన అర్థసంబంధ ప్రభావం ఇదే. అయితే సంబంధమున్న జంటలు ఎక్కువై, రెండు మాటల మధ్య వ్యవధి పెరిగితే, విద్యార్థి తర్వాతి మాటను ముందే ఊహిస్తాడు. అప్పుడు మనం కొలిచేది మనోనిఘంటువు అమరికను కాదు, అతని ఎత్తుగడను.

ఫార్‌స్టర్, డేవిస్ 1984లో వాడిన మాస్క్ పద్ధతి ఇప్పటి సాధారణ రూపంలో ప్రైమ్‌కు ముందు దాన్ని కనిపించకుండా చేసే ####, ప్రైమ్ తర్వాత వెంటనే విద్యార్థి నిర్ణయించాల్సిన లక్ష్యపదం వస్తాయి. ప్రైమ్ 60 హెర్ట్జ్ తెరపై మూడు ఫ్రేములు, అంటే సుమారు 50 మిల్లీసెకన్లు మాత్రమే ఉంటుంది కనుక ఊహకు వ్యవధి చాలదు. ఇక్కడ అర్థసంబంధం బలహీనపడినా, పదనిర్మాణం బయటపడుతుంది. ‘రొయ్యలు–రొయ్య’తో పాటు, ‘లు’ ప్రత్యయంలా కనిపించే ‘దిగులు–దిగు’, అలాంటిదేమీ లేని ‘గుడిసె–గుడి’ జంటలను పోల్చాలి. మొదటి రెండింటిలోనే వేగం పెరిగితే, అర్థం చూడకముందే మాటను విడగొడుతున్నామని అనుకోవచ్చు. ఇంగ్లీషులో 2004లో కార్నర్–కార్న్ వంటి జంటలతో రాసల్ బృందానికి కనిపించింది ఇదే.

అందువల్ల పదనిర్మాణానికి నేను మాస్క్ పద్ధతినే ఎంచుకుంటాను. అర్థబంధాలకు మాత్రం కనిపించే ప్రైమ్‌నే, తక్కువ వ్యవధితో వాడాలి.