ఒంగోలు దాటాక వినే పాటలు: మూడేళ్ల వాడకం తర్వాత

నెలకు రెండుసార్లయినా విజయవాడ నుంచి చెన్నైకి రాత్రిపూట కారు నడుపుకుంటూ వెళ్లవలసిన పని నాది. బెంజి సర్కిల్‌లో పదకొండింటికి బయలుదేరితే ఒంగోలు దాటేసరికి ఒంటిగంటన్నర అవుతుంది. అక్కడి నుంచి నెల్లూరు దాటేదాకా, అంటే మనిషికి నిద్ర బాగా ముంచుకొచ్చే రెండు, నాలుగు గంటల మధ్య, మెలకువగా ఉండటానికి నేను కారులో పెట్టుకునే పాటలకు అసలు పరీక్ష.

మొదట్లో డప్పుల హోరున్న హుషారు పాటలు పెట్టుకున్నాను. పది నిమిషాలు కళ్లు తెరుచుకునేవి, ఆ తర్వాత తల బరువెక్కేది, వెనుక సీట్లో పడుకున్నవాళ్లు విసుక్కునేవారు. వాటిని తీసేసి నెమ్మదైన మెలొడీలకు మారితే ఇంకో చిక్కు వచ్చింది. సింగరాయకొండ దగ్గర ఒక పాట ఒంటి వీణతో మొదలైంది. ఏమీ వినిపించక సౌండు 14 నుంచి 19కి పెంచాను, అరనిమిషానికి డ్రమ్ములూ కోరస్సూ ఒక్కసారిగా మీద పడేసరికి ఉలిక్కిపడి బ్రేకు తొక్కాను. తప్పు పాట వేగంలో లేదు, ఒకే పాటలో మెల్లని చోటుకూ గట్టి చోటుకూ ఉన్న తేడాలో ఉందని అప్పుడు అర్థమైంది.

80 కిలోమీటర్ల వేగంలో టైర్ల రొద ఎక్కువగా మంద్రస్థాయిలో ఉంటుంది కాబట్టి బేస్ గిటారూ, మృదంగం ఎడమవైపు నాదమూ అందులో కలిసిపోతాయి. ఘటం, కుడి తబలా, గిటారు మీటు మాత్రం చిన్న సౌండులోనూ విడిగా వినిపిస్తాయి. అందుకని లయ వీటి మీద నడిచే పాటలనే ఉంచుకున్నాను. నిమిషానికి 90 నుంచి 110 దెబ్బలు పడేవి నాకు బాగా కుదిరాయి. వడపోత కూడా రోడ్డు మీదే చేశాను: అద్దాలు మూసి, సౌండు ఒకసారి సరిచేసుకుని, మళ్లీ చెయ్యి నాబ్ మీదికి వెళ్లేలా చేసిన ప్రతి పాటనూ తీసేశాను. అరవైలో నలభై మిగిలాయి. ట్రెబుల్ రెండు మెట్లు తగ్గించాక పైస్థాయి గొంతులు చెవిలో గుచ్చుకోవడం కూడా పోయింది.

పాటల వరస కంఠస్థమైతే మనసు నిద్రపోతుంది కనుక షఫుల్ తప్పనిసరి. ఒక పాట ముగుస్తుండగానే తర్వాతి పాటను కలిపేసే క్రాస్‌ఫేడ్‌ను మాత్రం ఆపేశాను, ఎందుకంటే పాటకూ పాటకూ మధ్య వచ్చే ఆ రెండు క్షణాల నిశ్శబ్దమే నన్ను ఎక్కువగా కదిలిస్తుంది. అలా కదిలినప్పుడల్లా ఇంతకు ముందు ఏ పాట వచ్చిందో గుర్తు చేసుకుంటాను. పోయిన చలికాలంలో కావలి దాటాక వరసగా రెండు పాటలు గుర్తుకు రాలేదు. సౌండు పెంచే ప్రయత్నం చేయకుండా కనిపించిన మొదటి పెట్రోలు బంకులో కారు ఆపి, టీ తాగి, సీటు వాల్చి ఇరవై నిమిషాలు పడుకున్నాను.