ఎగరడం వదిలేసి ఏం సంపాదించాయి? నిప్పుకోడి దారి, కివీ దారి

ఎగరడం పక్షికి ఖరీదైన పని. ఛాతీలో బరువైన కండలు కావాలి, అవి పట్టుకోవడానికి రొమ్ము ఎముక మీద నిలువు గట్టు కావాలి, ఒళ్లు మాత్రం తేలిగ్గా ఉండాలి. నేలమీదే తిండి దొరికితే ఇదంతా దండగ. ఎగరని పక్షులైన నిప్పుకోడి, ఈము, కివీ మూడింటికీ ఆ గట్టు లేదు.

నిప్పుకోడి: ఆఫ్రికా మైదానాల్లో సింహాలున్నాయి, అందుకే పెట్టుబడంతా కాళ్లలో. వంద కిలోలు దాటే ఒళ్లు, కాలికి రెండే వేళ్లు, గంటకు 70 కిలోమీటర్ల పరుగు. (ఈముదీ ఇదే లైను, వేళ్లు మూడు.)

కివీ: మనుషులు రాకముందు న్యూజిలాండ్‌లో నేలమీద వేటాడే క్షీరదాలే లేవు కాబట్టి అంత పరుగూ అక్కర్లేకపోయింది. రాత్రిపూట ముక్కు కొసనున్న రంధ్రాలతో మట్టిలోని పురుగుల్ని వాసన పట్టి తింటుంది, తన బరువులో దాదాపు ఐదో వంతుండే గుడ్డు పెడుతుంది.

రిస్క్? నిప్పుకోడి తన్నితే సింహానికీ టెన్షనే. కివీ ఛాతీకి గట్టి ఎముక రక్షణ లేదు, కుక్క ఊరికే నోట కరుచుకున్నా నలిగి చచ్చిపోతుంది. శత్రువులున్న బయలుకైతే నిప్పుకోడి ఒళ్లు, వేటగాళ్లు లేని దీవికైతే కివీ ఒళ్లు. మనుషులు ఆ దీవికి కుక్కల్ని తెచ్చేదాకా.