పదకొండేళ్లు వాడిన గ్రైండర్: మూలుగుతుంది గానీ తిరగదు

మా ఇంట్లో ఉన్నది 2 లీటర్ల టేబుల్ టాప్ వెట్ గ్రైండర్. 11 ఏళ్లుగా వారానికి మూడుసార్లు తిరుగుతూనే ఉంది. రాళ్ల విషయంలో నాకు ఒక్క ఫిర్యాదు కూడా లేదు. మినపపిండి మొదటి ఏడాది ఎంత నురగగా వచ్చేదో ఇప్పుడూ అలాగే వస్తోంది. కడగడానికి మాత్రం కాస్త ఓపిక కావాలి, డ్రమ్ము బరువు.

ఇన్నేళ్లలో ఇది రెండుసార్లు మొరాయించింది. రెండుసార్లూ ఒకే లక్షణం: స్విచ్ వేస్తే "ఊఁ..." అని మూలుగు, డ్రమ్ము అంగుళం కూడా కదలదు. శబ్దం ఒకటే అయినా కారణాలు వేరు. రెండింటినీ పట్టుకున్నది మా ఊళ్లో మోటార్లు బాగుచేసే బాబాయే. పాత గ్రైండర్ పారేద్దామా, ఉంచుకుందామా అని చూస్తున్నవాళ్లకి ఆ సంగతే ఎక్కువ పనికొస్తుంది.

మొదటిసారి అయిదో ఏట. నిజానికి అది ఒక్కరోజులో ఆగిపోలేదు. అంతకు రెండు నెలల ముందునుంచే స్విచ్ వేయగానే అందుకునేది కాదు. డ్రమ్మును చేత్తో కాస్త తోస్తే అప్పుడు తిరిగేది. నేను పప్పు ఎక్కువైందనుకుని సరిపెట్టుకున్నాను. చివరికి తోసినా తిరగలేదు. టౌన్లో ఒక షాపుకి తీసుకెళ్తే విప్పి చూడకుండానే మోటార్ కాలిపోయింది, కొత్తది వేయాలన్నారు. టెన్షన్ పడుతూ వెనక్కి తెచ్చి బాబాయ్ ముందు పెట్టాను.

ఆయన ముందు స్విచ్ జోలికి పోలేదు. గ్రైండర్ని పక్కకి వంచి, అడుగు మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "కాలిన వాసన లేదమ్మాయ్. లోపల చుట్టిన తీగ, అదే వైండింగ్, కాలితే ఆ వాసన ఎన్ని రోజులైనా పోదు" అన్నాడు. తర్వాత బెల్టు తీసేశాడు. అప్పుడు అర్థం కాలేదు గానీ, అసలు కిటుకంతా ఆ బెల్టులోనే ఉంది. బెల్టుకి ఒకవైపు మోటార్, ఇంకోవైపు డ్రమ్మును తిప్పే ఇరుసు. బెల్టు తీస్తే రెండూ విడిపోతాయి. అప్పుడు తప్పు ఏ వైపు ఉందో విడిగా చూడొచ్చు.

మోటార్ పుల్లీని వేళ్లతో తిప్పాడు. వెన్నలా తిరిగింది. డ్రమ్ము ఇరుసు కూడా అంతే. ఎక్కడా పట్టేయలేదు. స్విచ్ వేస్తే మాత్రం ఒట్టి మోటారే మూలిగింది. ఒక్క క్షణంలో ఆపేశాడు. పుల్లీకి నాలుగు చుట్లు పురికొస చుట్టి, స్విచ్ దగ్గర నన్ను నిలబెట్టాడు. "నేను లాగి వదలగానే వెయ్యి" అన్నాడు. కొస విసురుగా లాగితే పుల్లీ తిరిగింది, కొస ఊడి ఆయన చేతికొచ్చింది. నేను స్విచ్ వేశాను. మోటార్ అందుకుని ఝుమ్మని తిరిగింది. తర్వాత కొసని ఎదురుగా చుట్టి లాగాడు. ఈసారి ఎదురు దిశలో అంతే జోరుగా తిరిగింది. ఎటు తోస్తే అటు!

"ఇంట్లో కరెంటు సింగిల్ ఫేజ్. దాంతో పుట్టే అయస్కాంతం ముందుకీ వెనక్కీ లాగుతుందే గానీ చుట్టూ తిప్పదు" అని చెప్పాడు. సైకిల్ పెడల్ సరిగ్గా పైకి నిటారుగా ఉన్నప్పుడు దానిమీద ఎంత బరువు వేసినా చక్రం కదలదు కదా. కాస్త పక్కకి తోస్తే చాలు, ఇక తొక్కుకుంటూ పోవచ్చు. మోటార్లో ఆ పక్క తోపు ఇచ్చేది స్టార్టింగ్ వైండింగ్. దానికి వరుసలో ఉన్న కెపాసిటర్ (ఆయన మాటలో కండెన్సర్) అందులోకి పోయే కరెంటును మెయిన్ వైండింగ్ కరెంటు కన్నా కాస్త ముందు నడిపిస్తుంది. ఆ తేడావల్లే మోటార్‌కి ఎటు తిరగాలో తెలుస్తుంది.

అయితే కెపాసిటర్ పోయినా, స్టార్టింగ్ వైండింగ్ తెగినా లక్షణం ఒకటే. ఏది పోయిందో చెప్పింది ఆయన సీరీస్ బల్బు. ప్లగ్గు పీకి, కెపాసిటర్ తీగలు విప్పి, అందులో మిగిలిన ఛార్జ్ పోవడానికి రెండు తీగలనూ బల్బు కొనలకి ఆనించాడు. తర్వాత స్టార్టింగ్ వైండింగ్‌ని బల్బుకి వరుసలో పెట్టి కరెంటు ఇచ్చాడు. బల్బు వెలిగింది, అంటే వైండింగ్ తెగలేదు. ఆ చోట పాత కెపాసిటర్ పెడితే ఫిలమెంట్ ఎర్రటి దారంలా మినుక్కుమంది. అదే విలువున్న కొత్త కెపాసిటర్ తెచ్చి పెట్టాడు. బల్బు దాదాపు మామూలుగానే వెలిగింది. పాతదాని మీద 8 మైక్రోఫారడ్లు, 440 వోల్టులు అని ఉంది. లోపల మాత్రం అందులో పావు వంతు కూడా మిగల్లేదన్నమాట. లోపల ప్లాస్టిక్ పొరమీద ఉండే పలచటి లోహపు పూత ఏళ్ల తరబడి చిన్న చిన్న చుక్కలుగా కాలిపోతూ వస్తుంది. అందుకే ఆ రెండు నెలలూ చేత్తో తోయాల్సి వచ్చింది. పదిహేను నిమిషాల్లో కొత్తది బిగించాడు. డ్రమ్ములో పప్పు వేసే చూశాం, వెంటనే తిరిగింది. అంతకు తక్కువ విలువున్న ఫ్యాన్ కండెన్సర్ పెడితే ఖాళీ డ్రమ్ము తిరగొచ్చు గానీ పప్పు వేయగానే మళ్లీ మూలుగుతుందని హెచ్చరించాడు.

రెండోసారి తొమ్మిదో ఏట. అదే మూలుగు. నాకు తెలుసనే ధైర్యంతో అదే విలువ కెపాసిటర్ తెచ్చి, దాన్ని మార్చమని బాబాయ్‌ని పిలిచాను. ఆయన దాన్ని జేబులో వేసుకుని బెల్టు తీశాడు. స్విచ్ వేస్తే మోటార్ ఒంటరిగా సాఫీగా తిరిగింది. అంటే మోటార్ తప్పేమీ లేదు. స్విచ్ ఆపి డ్రమ్ము ఇరుసును పట్టుకుంటే రెండు చేతులతో తిప్పినా కదల్లేదు. విప్పితే బేరింగ్ తుప్పుతో ఇటుక రంగులో ఉంది. దాని పైనున్న రబ్బరు సీలు అంచు అరిగి గట్టిపడింది. డ్రమ్ము తీశాక అడుగు భాగంమీద నేను నీళ్లు పోసి కడిగేదాన్ని. ఆ నీళ్లే సీలు పక్కనుంచి దిగాయి. బేరింగూ సీలూ రెండూ మార్చాడు. "తడిబట్టతో తుడు, చెంబుతో పొయ్యకు తల్లీ" అన్నాడు.

ఈ గ్రైండర్‌లో నాకు నిజంగా నచ్చనిది ఒకటుంది: మోటార్ మీద భారం ఎక్కువైతే కరెంటు తనంతట తానే ఆపేసే ఓవర్‌లోడ్ కటాఫ్ లేదు. ఆగిపోయిన మోటార్ మామూలుకన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది, చల్లార్చే ఫ్యాన్ కూడా తిరగదు. మూలుగుతుంటే "తిరుగుతుందేమో చూద్దాం" అని రెండు నిమిషాలు వదిలితే, చిన్న కెపాసిటర్‌తో పోయే పని వైండింగ్ దాకా వెళ్తుంది. కొత్తది కొనేవాళ్లు ఆ కటాఫ్ ఉందో లేదో తప్పకుండా అడగండి. పురికొస పని మాత్రం ఇంట్లో చేయకండి, తెరిచిన మోటార్ పక్కన అలవాటు లేని చేతులు ఉండకూడదు. మనం చేయగలిగింది ఒకటుంది: ప్లగ్గు పీకి, పప్పూ రాళ్లూ తీసేసి, ఖాళీ డ్రమ్మును చేత్తో తిప్పి చూడటం. కాస్త బరువుగా అయినా సాఫీగా తిరిగితే మెకానిక్‌కి కెపాసిటర్ అనుమానం ఉందని చెప్పొచ్చు. గరగరమన్నా, బిగుసుకుపోయినా ఇరుసో, మోటార్ బేరింగో చూడమనాలి.

రెండో రిపేర్ అయ్యాక రెండేళ్లు గడిచాయి. బాబాయ్ జేబులో వేసుకున్న కెపాసిటర్ వెళ్తూ వెళ్తూ నాకే ఇచ్చాడు, దాని అవసరం ఇంకా రాలేదు. ఈ మధ్య స్విచ్ వేయగానే బెల్టు ఒక్క క్షణం కీచుమంటోంది. వదులైనట్టుంది, ఈ వారం ఆయన్ని పిలవాలి.