దగ్గరిది ముందా, గడువు దగ్గరపడినది ముందా?

లంచ్ క్యారియర్లు పంచే చిన్న కిచెన్‌కు రోజూ ఇదే టెన్షన్. 11:45కి బండి బయలుదేరుతుందనుకుందాం. షాపు 5 నిమిషాల దూరం, అక్కడి నుంచి క్లినిక్ 10, ఆపై స్కూలు 12, స్కూలు నుంచి తిరిగి కిచెన్‌కు 15. షాపు, క్లినిక్ 12 నుంచి 2 లోపు ఎప్పుడైనా తీసుకుంటాయి. స్కూలుకు మాత్రం 12 నుంచి 12:15 లోపే ఇవ్వాలి. ఒక్కోచోట 5 నిమిషాలు ఆగాలి.

దగ్గరిది ముందు: షాపు దగ్గర 12 దాకా ఎదురుచూపు, క్లినిక్‌కు 12:15, స్కూలుకు 12:32. గేటు దాటే సమయం అయిపోయింది.

గడువు ముందు: స్కూలు 12:00, క్లినిక్ 12:17, షాపు 12:32. అన్నీ వేళకే.

పెట్రోలు? రెండింటికీ 42 నిమిషాల ప్రయాణమే. అదే చుట్టును తిరగేశాం, అంతే. అందుకే నేను ముందుగా చుట్టు గీసి, తర్వాతే దిశ తేలుస్తాను.

గట్టి గడువులు రెండు మూడు ఎదురెదురు దిక్కుల్లో ఉంటే మాత్రం గడువు వరస బండిని అటూ ఇటూ తిప్పుతుంది, ఖర్చు పెరుగుతుంది. అప్పుడు ఒక కస్టమర్‌ను పావుగంట వెసులుబాటు అడగడమే చవక.

అందరికీ రెండు గంటల వెసులుబాటుంటే దగ్గరిది ముందు. ఒక్కరికైనా పావుగంటే ఉంటే గడువు ముందు.