జాగ్రత్త: మీరు చేసేదేమిటో ఒక్క వాక్యంలో తేల్చకుండా మెయిల్స్ మొదలుపెట్టే ఏజెన్సీకి అడ్వాన్స్ ఇవ్వకండి

కొత్త కస్టమర్ల కోసం ఔట్‌రీచ్ మెయిల్స్ పంపిస్తామని మూడు నెలల ప్యాకేజీలు అమ్ముతున్నవాళ్లతో తరచుగా జరుగుతున్నది ఇది. డబ్బు కట్టగానే లోగో, బ్రోచర్ అడుగుతారు. వారంలో ఐదు మెయిల్స్ రాసి చూపిస్తారు. చదవడానికి బాగానే ఉంటాయి. పంపాక వచ్చే కొద్దిపాటి జవాబుల్లో ఎక్కువ భాగం "ఇంతకీ మీరు చేసేదేమిటి?" అనే. అప్పుడు సబ్జెక్ట్ లైన్ మారుద్దామంటారు. తప్పు అక్కడ లేదు. ఎవరికి, ఏ పని, ఎప్పటికి చేసిపెడతారో ఒక్క వాక్యంలో తేల్చకుండానే రాయడం మొదలుపెట్టారు.

కొనుగోలు బిల్లులను, సప్లయర్లు వేసిన రిటర్న్‌ల నుంచి జీఎస్టీ పోర్టల్ నెలనెలా తయారుచేసే జీఎస్టీఆర్-2బితో సరిపోల్చే సాఫ్ట్‌వేర్‌నే తీసుకోండి. బ్రోచర్‌లో "సమగ్ర జీఎస్టీ పరిష్కారం" అని ఉంటుంది. దీంట్లో కొనేవాడు ఎవరో లేడు. "మీ సమయం ఆదా" అన్నా లాభం లేదు. ఆ పని చేసేది గుమస్తా, మెయిల్ చదివేది యజమాని. "మీ ఇన్‌పుట్ క్రెడిట్ పోదు" అంటే అబద్ధం. సప్లయర్ రిటర్న్ వేయకపోతే కొనుగోళ్ల మీద కట్టిన ఆ పన్ను క్రెడిట్‌ను ఏ సాఫ్ట్‌వేరూ తెప్పించలేదు. నిలబడే వాక్యం ఇలా ఉంటుంది:

"నెలకు వందల బిల్లుల మీద సరుకు కొనే మందుల డిస్ట్రిబ్యూటర్లకు, 14న 2బి వచ్చిన మర్నాటికల్లా, అందులో కనబడని బిల్లులేవో సప్లయర్ వారీగా చూపిస్తాం; వాళ్లకు డబ్బు కట్టేముందే మీరు అడగొచ్చు."

ఈ వాక్యం చేతిలో ఉంటే పంపాల్సిన లిస్టు కూడా దానంతటదే తేలుతుంది. కాంపోజిషన్ స్కీమ్‌లో ఉన్నవాళ్లకు ఇన్‌పుట్ క్రెడిట్ ఉండదు కాబట్టి వాళ్లను తీసేయాలి. పంపాల్సిన రోజులు 14 తర్వాతే, పన్ను కట్టే నెలవారీ రిటర్న్ 3బి గడువైన 20 లోపు. సబ్జెక్ట్ "2బిలో రాని బిల్లులు" అంటే చాలు.

ఏజెన్సీ చూపించే నమూనా మెయిల్‌లో మీ పేరు తీసి ఏదైనా జీతాల సాఫ్ట్‌వేర్ పేరు పెట్టి చదవండి. అయినా అతికిందంటే వాళ్ల దగ్గర వాక్యం లేదన్నమాట. ఉందంటే, ఆ వాక్యాన్ని మీ వ్యాపారంతో సంబంధం లేని ఒక షాపు అకౌంటెంట్‌కు ఫోన్లో ఒక్కసారి చదివి, ఏం అర్థమైందో తిరిగి చెప్పమనండి. ఎవరికి, ఏమిటి అన్నవి రెండూ ఆయన నోట రాకపోతే ఇంకా తిరగరాయాలి. "ఆధునిక", "సమగ్ర" లాంటి మాటలు కొట్టేయడంతోనే సగం పని అవుతుంది.

మెయిల్స్ మీ డొమైన్ నుంచే వెళ్తే నష్టం డబ్బుతో ఆగదు. అర్థంకాని మెయిల్‌ను జనం స్పామ్ అని నొక్కుతారు. ఆ ఫిర్యాదుల రేటు 0.3 శాతానికి చేరకూడదని జీమెయిల్ నియమం. అది దాటితే మీ ఇన్‌వాయిస్‌లు, కొటేషన్లు కూడా పాత కస్టమర్లకే స్పామ్‌లో పడొచ్చు. ఏజెన్సీకి పోయేదేం లేదు, డొమైన్ మీది.

బేరం ఇలా పెట్టండి: మొదటి విడత డబ్బు ఆ వాక్యానికే. దాన్ని మీరు రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే మెయిల్స్ రాయడం, లిస్టు కొనడం. దీనికి "మా పద్ధతి వేరు" అనేవాళ్ల దగ్గర మాట్లాడటం అక్కడితో ఆపేయొచ్చు.