వారం లెక్క సరిచూడ్డానికి ఏది మేలు: మొదటి నుంచి లెక్కా, తెలిసిన తేదీ నుంచి లెక్కా?

మా అక్క కొడుకు కర్నూలులో ఉండి కానిస్టేబుల్ పరీక్షకు చదువుకుంటున్నాడు. మొన్నొక సాయంత్రం నోట్‌బుక్ పట్టుకొచ్చి, "మామా, మూడుసార్లు చేసినా నాకు బుధవారమే వస్తాంది. కీలో చూస్తే గురువారమని ఉంది. కీ తప్పేమో" అన్నాడు.

ప్రశ్న మా ఊరిదే. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది, ఆ రోజు ఏ వారం?

ముందే ఒక మాట చెప్పాను. ఒకే దారిలో మూడుసార్లు నడిస్తే ఒకే గుంతలో మూడుసార్లు పడతాం. అది సరిచూడ్డం కాదు. ఇంకో దారిలో చేసి చూడాలి. ఈ లెక్కకు జనం వాడే దారులు రెండు. ఒకటి క్రీస్తుశకం మొదటి సంవత్సరం నుంచి ఆడ్ డేస్ కూడుతూ రావడం. ఆడ్ డేస్ అంటే రోజుల్ని ఏడుతో భాగిస్తే మిగిలేవి. రెండోది వారం ముందే తెలిసిన ఒక తేదీని పట్టుకొని అక్కడి నుంచి లెక్కపెట్టడం.

వాడు చేసింది మొదటిది. 1953 నడుస్తోంది కాబట్టి నిండిన సంవత్సరాలు 1952. వాటిని 1600, 300, 52గా విడగొట్టాడు. 400 ఏళ్లకు మిగులు సున్నా, అందుకే 1600కూ సున్నా. 300కు మిగులు 1. 52 ఏళ్లలో 13 లీపు సంవత్సరాలు, 39 మామూలువి. లీపుకు రెండు, మామూలుదానికి ఒకటి చొప్పున 26, 39 కలిపితే 65. ఏడుతో భాగిస్తే మిగులు 2. ఇంతవరకు మొత్తం 3.

ఇక 1953లో నెలలు. జనవరి నుంచి సెప్టెంబర్ దాకా ఒక్కో నెల మిగులు 3, 0, 3, 2, 3, 2, 3, 3, 2. కూడితే 21, అంటే సున్నా. అక్కడితో ఆపేశాడు. మొత్తం 3, ఆదివారాన్ని సున్నాగా తీసుకుంటే బుధవారం. నోట్‌బుక్‌లో కొట్టివేత ఒక్కటి కూడా లేదు, అంత శుభ్రంగా చేశాడు.

దాన్ని పక్కన పెట్టించి రెండో దారి పట్టించాను. 1947 ఆగస్టు 15 శుక్రవారం, ఇది వాడికి నోటికొచ్చు. అక్కడి నుంచి 1953 ఆగస్టు 15కి ఆరేళ్లు, ఆరు రోజులు. మధ్యలో ఫిబ్రవరి 29 రెండుసార్లు వచ్చింది, 1948లో, 1952లో. మొత్తం 8, మిగులు 1. ఆగస్టులో మిగతావి 16, సెప్టెంబర్ 30, అక్టోబర్‌లో 1, కలిపితే 47. మిగులు 5. ఒకటీ ఐదూ ఆరు. శుక్రవారానికి ఆరు రోజులు కలిపితే గురువారం.

రెండు జవాబులకూ తేడా సరిగ్గా ఒక్క రోజు. ఈ తేడాయే మనకు దొరికే ఆధారం. ఒక్క రోజు తేడా వస్తే నేను ముందు రెండు చోట్లే వెతుకుతాను: ఒక ఫిబ్రవరి 29 తప్పిపోయిందా లేక ఎక్కువైందా, చివరి తేదీని కలిపామా లేదా. తేడా రెండు, మూడు ఉంటే నెలల కూడికలోనో భాగహారంలోనో చూస్తాను.

వాడి లీపులు సరిగ్గానే ఉన్నాయి. తప్పిపోయింది అక్టోబర్ 1 రోజే. "నెల మొదలైంది కదా మామా, ఇంకా ఒక్క రోజూ గడవలేదని వదిలేసినా" అన్నాడు. రెండో పద్ధతిలో మొదలుపెట్టే తేదీని లెక్కలో వేసుకోం. అది శుక్రవారమని ముందే తెలుసు, దాని తర్వాత ఎన్ని రోజులనేదే చూస్తాం. ఆ అలవాటునే ఇక్కడికి తెచ్చి చివరి తేదీని వదిలేశాడు. మొదటి పద్ధతిలో అలా కుదరదు. అందులో మొట్టమొదటి సంవత్సరం జనవరి 1యే ఒకటో రోజు, ఆ ఒకటే సోమవారం. కాబట్టి అడిగిన రోజునూ కలపాల్సిందే. 3కు ఒకటి కలిపితే 4, గురువారం. కీ తప్పు కాదు.

మరి ఏది మేలు? పరీక్షలో జవాబు రాబట్టడానికి మొదటిదే నాకిష్టం, ఎందుకంటే ఏ తేదీ ఇచ్చినా అడుగులు మారవు. సరిచూడ్డానికి మాత్రం రెండోదే. సంఖ్యలు చిన్నవి, సగం నోటితోనే అయిపోతుంది. అయితే దానికి నమ్మకమైన తేదీలు కొన్ని గుర్తుండాలి. 1950 జనవరి 26 గురువారం, 2000 జనవరి 1 శనివారం, ఆగస్టు 15తో కలిపి ఈ మూడూ నాకు చాలు. క్యాలెండర్‌లో ఇవాళ్టి తేదీ ఉండనే ఉంది. నెలకో కోడ్ నంబరు బట్టీ పట్టే పద్ధతి కూడా ఉంది కానీ, లీపు సంవత్సరంలో జనవరి, ఫిబ్రవరి వస్తే ఒకటి తీసేయాలన్నది టెన్షన్‌లో గుర్తుండదు. దాన్ని నేను నమ్మను.

రెండో దారిలో ఒక గుంత ఉంది. లీపు సంవత్సరం తగిలిందా అని కాదు, రెండు తేదీల మధ్య ఫిబ్రవరి 29 పడిందా అని అడగాలి. అక్టోబర్ 1నే మొదలుపెట్టి 1956 నవంబర్ 1 దాకా, అంటే ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రోజు దాకా రండి. మూడేళ్లకు 3, మధ్యలో 1956 ఫిబ్రవరి 29 పడింది కాబట్టి ఇంకో 1, అక్టోబర్ నెలకు 3. మొత్తం 7, మిగులు సున్నా. అదీ గురువారమే. 1956 ఇంకా నిండలేదు కదా అని ఆ లీపును వదిలేస్తే బుధవారం వస్తుంది. నిండిన సంవత్సరాలనే లెక్కపెట్టాలన్నది మొదటి పద్ధతి నియమం, ఇక్కడ అది పనికిరాదు. నిజానికి మొదటి పద్ధతిలో కూడా 1956 లీపును వదలం, ఫిబ్రవరికి 28 బదులు 29 వేసుకుంటాం, అంతే.

దూరం ఎక్కువైతే మాత్రం నా ఓటు మారుతుంది. సర్ థామస్ మన్రో మా జిల్లా పత్తికొండలో కలరాతో చనిపోయింది 1827 జులై 6న. 1947 ఆగస్టు 15 నుంచి వెనక్కి వెళ్దాం. 120 ఏళ్లు. 1828 నుంచి 1944 దాకా నాలుగేళ్లకొకటి చొప్పున లీపులు 30 వస్తాయి. కానీ 1900 లీపు కాదు, నూరుతో భాగమవుతుంది కానీ 400తో కాదు. కాబట్టి 29. 120కి 29 కలిపితే 149, మిగులు 2. జులై 6 నుంచి ఆగస్టు 15కి 40 రోజులు, మిగులు 5. మొత్తం 7, అంటే సున్నా. మన్రో పోయిందీ శుక్రవారమే. వాడు 30 లీపులే వేసుకొని గురువారమన్నాడు.

అదే మొదటి దారిలో అయితే 1600కు సున్నా, 200కు 3, 26 ఏళ్లకు ఆరు లీపులతో 32, మిగులు 4. ఇక్కడికి 7, అంటే సున్నా. జనవరి 1 నుంచి జులై 6 దాకా ఆ రోజుతో కలిపి 187, మిగులు 5, శుక్రవారం. ఈ లెక్కలో 1900 ఊసే రాలేదు. నూరేళ్ల చిక్కులన్నీ ఆ 200కు 3 అనే అంకెలోనే ముడిపడి ఉన్నాయి. అందుకే 1900ను దాటే తేదీలకు మొదటి దారి జవాబునే గట్టిగా పట్టుకోమన్నాను. తేడా వస్తే ముందు అనుమానించాల్సింది రెండో దారిలోని లీపుల లెక్కనే.

వాడు నోట్‌బుక్ మూస్తూ, "అయితే 2100 కూడా అంతేనా మామా?" అన్నాడు. అంతేరా, అదీ లీపు కాదు.