లక్క గాజుల ఫొటోలకి ఎల్ఈడీ లైట్ బాక్స్: చాలాకాలం వాడాక నా రివ్యూ

లాడ్ బజార్‌లో చేయించిన లక్క గాజులు నేను ఇంటి నుంచే అమ్ముతాను, వాట్సాప్ కేటలాగ్‌లో, ఇన్‌స్టాలో, అమెజాన్‌లో. ఫొటోల కోసం మడతపెట్టుకునే లైట్ బాక్స్ ఒకటి కొన్నా, 40 సెంటీమీటర్ల సైజు, పైన రెండు ఎల్ఈడీ పట్టీలు, యూఎస్‌బీ కరెంటు, వెనకాల వేసుకోడానికి రంగు షీట్లు. ఇప్పటికీ ప్రతి కొత్త స్టాక్‌కీ అదే వాడుతున్నా, కాబట్టి గాజులు, జ్యువెలరీ అమ్మేవాళ్ళు కొనొచ్చా లేదా అన్నది కాస్త వివరంగా చెప్తా.

ముందు బాగున్నది చెప్తా. అమెజాన్‌లో మొదటి ఫొటోకి బ్యాక్‌గ్రౌండ్ పూర్తి తెలుపు ఉండాలి, వస్తువు ఫ్రేమ్‌లో 85 శాతం నిండాలి అని రూల్ ఉంది కదా, దానికి ఈ బాక్స్ నిజంగా పనికొస్తుంది. కాకపోతే తెల్ల షీట్ వేసి నొక్కగానే తెల్లగా రాదు, తెలుపు ఎక్కువ కనిపిస్తే ఫోన్ వెలుతురు తగ్గించేస్తుంది, షీట్ బూడిద రంగులో పడుతుంది. గాజు మీద వేలు పెట్టి కాసేపు నొక్కి ఫోకస్ లాక్ చేసి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కొంచెం పైకి జరపాలి. ఎంతవరకూ అంటే షీట్ తెల్లబడాలి కానీ గాజు అంచు దాంట్లో కలిసిపోకూడదు, తెల్ల రాళ్ళ గాజులకి ఆ అంచే ముందు మాయమవుతుంది, అది చూసుకుని ఆపండి. ఇంకోటి, ఫోన్‌ని గాజు దగ్గరికి తోసి తీయొద్దు. ముందున్న గాజు పెద్దగా, వెనకది చిన్నగా వచ్చి గుండ్రటిది కోడిగుడ్డులా కనిపిస్తుంది. ఒక అడుగు వెనక్కి జరిగి 2x పెట్టి తీస్తే సరిపోతుంది.

ఇప్పుడు అసలు లోపం, కొనేముందు ఎవరూ చెప్పనిది ఇదే. లక్క గాజు అందమంతా రాళ్ళ మెరుపులో ఉంటుంది, ఈ బాక్స్ ఆ మెరుపునే చంపేస్తుంది. కారణం ఏంటంటే చుట్టూ తెల్ల గోడలు, వెలుతురు అన్ని వైపుల నుంచీ మెత్తగా వస్తుంది, రాయిలో ప్రతి ముఖంలోనూ ఆ తెలుపే కనిపిస్తుంది, చీకటి అనేదే లేకపోతే మెరుపు ఎక్కడ కనిపిస్తుంది? రాళ్ళు కాస్తా ప్లాస్టిక్ పూసల్లా పడతాయి. దీనికి నేను చేసేది రెండు పనులు. నల్ల చార్ట్ కాగితం రెండు వేళ్ళ వెడల్పు ముక్కలు కత్తిరించి గాజుకి రెండు పక్కలా, ఫ్రేమ్‌లో పడకుండా నిలబెడతా, అప్పుడు రాళ్ళ అంచులు నల్లగా తేలతాయి. తర్వాత ఇంకో ఫోన్ టార్చి వేసి పక్క నుంచి ఏటవాలుగా కొడతా, అది చిన్న లైటు కాబట్టి రాయి రాయికీ ఒక చుక్క మెరుస్తుంది. టార్చి నెమ్మదిగా కదుపుతూ స్క్రీన్ చూస్తుంటే ఒక చోట రాళ్ళన్నీ ఒక్కసారిగా వెలుగుతాయి, అక్కడ ఆపి తీయాలి. చార్ట్, టార్చి లేకుండా తీసిన ఫొటో, ఇది పక్కపక్కన పెడితే ఒకే గాజు అని నమ్మరు.

రెండో లోపం వెలుతురు తగ్గించే బటన్. సగానికి తగ్గిస్తే ఫొటోలో అడ్డంగా నల్ల చారలు వస్తాయి, ఆ ఎల్ఈడీలు మనకి కనపడకుండా ఆరి వెలుగుతుంటాయి కాబట్టి. ఎప్పుడూ ఫుల్‌లో పెట్టుకోండి, అయినా చారలొస్తే ప్రో మోడ్‌లో షట్టర్ 1/50కి తెచ్చి ఫోన్ స్టాండ్‌కి పెట్టండి. మూడోది మెరూన్ రంగు. చవక ఎల్ఈడీల్లో ఎరుపు తక్కువ, మెరూన్ గోధుమ రంగులోకి పోతుంది. అందుకే చేతికి వేసుకున్న ఫొటో నేను బాక్స్‌లో తీయను, పొద్దున్న కిటికీ దగ్గర, గదిలో లైట్లన్నీ ఆపేసి తీస్తా. ట్యూబ్‌లైట్ కూడా వేసుంటే చెయ్యి ఒక పక్క నీలం, ఒక పక్క పచ్చగా వస్తుంది. రంగు చూసుకునేవాళ్ళు ఆ ఫొటోనే నమ్మాలని లిస్టింగ్‌లో రాస్తా కూడా.

ఫొటో బాగుంటే జనం ఆగుతారు, చూస్తారు, కానీ కొనడం దగ్గర ఆగిపోయేది మాత్రం సైజు మీదే. "అక్కా, 2.6 అంటే ఎన్ని సెంటీమీటర్లు?" ఈ మెసేజ్ నాకు వచ్చినన్ని సార్లు ఇంకేదీ రాలేదు. 2.6 అంటే 2.6 ఇంచులు కాదు, 2 ఇంచులు మీద ఆరు పదహారో వంతులు, అంటే లోపలి వ్యాసం 60 మిల్లీమీటర్లు. 2.4 అయితే 57, 2.8 అయితే 63న్నర. ఇది తెలియక 2.6ని పాయింటు అనుకుని స్కేలుతో కొలిచినవాళ్ళు 66 మిల్లీమీటర్ల గాజు వస్తుందనుకుంటారు, వచ్చినది చేతికి ఎక్కదు. మట్టి గాజైనా, లక్క గాజైనా సాగదు కదా, పైగా లక్కది మందం ఎక్కువ, బలవంతంగా ఎక్కిస్తే రాళ్ళు ఊడతాయి.

ఒక లిస్టింగ్ ఎలా మార్చానో చెప్తా. మెరూన్, తెల్ల రాళ్ళు, నాలుగు గాజుల సెట్. పాత టైటిల్ "బ్యూటిఫుల్ ట్రెడిషనల్ బ్యాంగిల్స్ ఫర్ విమెన్", అందులో ఒక్క ముక్క సమాచారం లేదు. ఇప్పుడు ఇలా ఉంది: "హైదరాబాద్ లక్క గాజులు, మెరూన్, తెల్ల రాళ్ళు, 4 గాజుల సెట్, సైజు 2.6 (లోపల 60 మి.మీ.)". ఫోన్‌లో వెతికినప్పుడు టైటిల్ సగంలోనే తెగిపోతుంది, అందుకే ఏంటి, ఏ రంగు అనేది ముందుకి తెచ్చా. కింద మొదటి వాక్యమే కొలత: "మీకు సరిపోయే గాజు లోపల స్కేలు పెట్టి చూడండి. గాజు లేకపోతే బొటనవేలు, చిటికెనవేలు దగ్గరికి తెచ్చి, వేళ్ళ కణుపుల మీదుగా దారం చుట్టి కొలవండి. 18 సెం.మీ. అయితే 2.4, 19 అయితే 2.6, 20 అయితే 2.8. రెండింటి మధ్య వస్తే పెద్దదే తీసుకోండి." తర్వాత వెడల్పు, ఎన్ని గాజులు వస్తాయి, ఫొటోలో మధ్యలో ఉన్న పచ్చ గాజులు సెట్‌లో లేవు అని. ఇది రాయకపోతే అవి కూడా వస్తాయనుకుంటారు, తప్పు వాళ్ళది కాదు. చేత్తో చేసినవి కాబట్టి రాళ్ళ వరస కొంచెం అటూఇటూ ఉంటుంది, వేడికి లక్క మెత్తబడుతుంది కాబట్టి ఎండలో నిలిపిన కారులో వదలొద్దు అని కూడా రాశా. ఇవి రాస్తే కొనరేమోనని భయపడక్కర్లేదు, నాకైతే ఇవి చదివినవాళ్ళే వెంటనే పేమెంట్ చేస్తున్నారు, సైజు వాపసులు బాగా తగ్గాయి.

హైదరాబాద్ లక్క గాజులకి 2024లో జీఐ గుర్తింపు వచ్చింది కదా, ఆ లోగో మాత్రం ఫొటో మీద పెట్టకండి, నమోదైన తయారీదారులకే ఆ హక్కు. లాడ్ బజార్ కార్ఖానాలో చేయించినవి అని నిజం రాసుకుంటే చాలు. గాజు లోపలి వైపు, అతుకు కనపడేలా ఒక ఫొటో పెట్టండి, అచ్చు వేసిన ప్లాస్టిక్ కాదని అదే చూపిస్తుంది.

ఇక బాక్స్ కొనాలంటే 20 సెంటీమీటర్ల చిన్నది తీసుకోవద్దు, నల్ల చార్ట్ పెట్టడానికి, టార్చి దూర్చడానికి చోటుండదు. 40ది తీసుకోండి, షీట్లు మడవకుండా చుట్టి పెట్టుకోండి, తెల్లదానిమీద ఒక్కసారి మడత పడితే ప్రతి ఫొటోలో గీత కనిపిస్తుంది.